నాయనా, స్పీకరు పెట్టె విప్పేముందు ఇది చదువు

నాయనా,

రేపో ఎల్లుండో కావలికి పార్సిల్ వస్తుంది. లోపల ఎకో డాట్ స్పీకరు, దాని అడాప్టరు ఉంటాయి. ఫోన్లో చెప్తే నువ్వు "సరే సరే" అంటావు, తర్వాత అమ్మ నాకు మళ్ళీ ఫోన్ చేస్తుంది. అందుకే రాసి పంపుతున్నా. అద్దాలు పెట్టుకొని ఒకసారి మొత్తం చదివాకే ప్లగ్గు పెట్టు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ఈ స్పీకరుకి పాట రెండు దార్లలో వస్తుంది. ఒకటి వైఫై. అమ్మ నోటితో అడిగితే స్పీకరే నేరుగా ఇంటర్నెట్టులోంచి తెచ్చుకుంటుంది, నీ ఫోనుతో పని లేదు. రెండోది బ్లూటూత్. అప్పుడు పాట నీ ఫోనులో మోగుతుంది, స్పీకరు దాని గొంతు మాత్రమే. మీ స్నేహితులు తిరనాళ్ళలో పాడిన పద్యాలు నీ ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నావే, అవి ఇంటర్నెట్టులో యాడా లేవు. ఎన్నిసార్లు అడిగినా స్పీకరు తేలేదు. వాటికి బ్లూటూత్ ఒక్కటే దారి. కానీ మొదట వైఫై పని పూర్తి కావాల్సిందే. నేను ఈడ తొందరపడి ముందే బ్లూటూత్‌లో వెతికి ఒక సాయంత్రం పాడుచేసుకున్నా.

స్పీకరుని హాల్లో టీవీ పక్క గూట్లో దూర్చొద్దు. గోడకి జానెడు ఎడంగా, బల్ల మీద పెట్టు. దాంతో వచ్చిన అడాప్టరే వాడు. డ్రాయర్లో ఉన్న పాత ఫోను ఛార్జర్లు దీనికి పనికిరావు. ప్లగ్గు పెట్టగానే నీలం లైటు వెలుగుతుంది, కాసేపటికి అది నారింజ రంగులో గుండ్రంగా తిరుగుతుంది. నారింజ తిరుగుతుంటేనే అది కనెక్షన్ కోసం సిద్ధంగా ఉన్నట్టు. రాకపోతే పైన చుక్క గుర్తు ఉన్న బటన్ని 15 సెకన్లు నొక్కి పట్టుకో. అది పెద్ద లెక్కే, ఐదు లెక్కపెట్టి వదిలేయొద్దు.

ఇంక ఫోను. లొకేషన్, బ్లూటూత్ రెండూ ఆన్ చెయ్యి. ప్లేస్టోరులో Amazon Alexa అని వెతికి యాప్ వేసుకో. నువ్వు కరెంటు బిల్లు కట్టే అమెజాన్ అకౌంటు ఉంది కదా, ఆ నంబరు, పాస్‌వర్డే ఇందులోనూ పెట్టు. యాప్ ఏవేవో అనుమతులు అడుగుతుంది. లొకేషన్‌కీ, దగ్గర్లోని పరికరాలకీ Allow నొక్కు, అవి లేకుంటే స్పీకరు కనపడదు. కాంటాక్టులు అడిగితే వద్దను, ఆ గోల మనకెందుకు.

తర్వాత Devices లోకి పోయి పైన మూలలో ఉన్న + నొక్కు. Add Device, Amazon Echo, Echo Dot ఇలా ఒక్కొక్కటే వస్తాయి. యాప్ మారినప్పుడల్లా మాటలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి, కంగారు పడొద్దు. నారింజ లైటు వెలుగుతోందా అని అడుగుతుంది, అవునను. స్పీకరు దొరికాక వైఫై పేర్ల జాబితా చూపిస్తుంది.

ఈడే నువ్వు ఆగిపోయేది. మన ఫైబర్ బాక్సు తిరగేస్తే అడుగున తెల్ల స్టిక్కరు మీద వైఫై పేరు, పాస్‌వర్డు ఉంటాయి. కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు పాస్‌వర్డు మార్చాడేమో, అప్పుడు స్టిక్కరుది పనికిరాదు. కేలెండరు వెనక నువ్వు బాల్‌పెన్నుతో రాసుకుంది చూడు. పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ తేడా ఉంది. నీ చేతిరాతలో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలీదు, రెండూ పెట్టి చూడు. టైపు చేసేటప్పుడు పక్కన కన్ను బొమ్మ నొక్కితే నువ్వు కొట్టే అక్షరాలు కనిపిస్తాయి.

జాబితాలో మన పేరే రెండుసార్లు, ఒకదాని చివర 5G అని ఉంటే, అది లేని పేరు ఎంచుకో. అది 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలు. బాక్సు ముందు గదిలో ఉంది, అమ్మ వంటింట్లో వినాలంటుంది, గోడలు దాటి పోయేది అదే. నీ ఫోనులో సిమ్ కార్డుకి వచ్చే 5జీకీ దీనికీ సంబంధం లేదు, ఆ రెండూ ఒకటే అనుకోవద్దు.

కనెక్ట్ అయ్యాక నారింజ పోతుంది. భాష అడిగితే ఇంగ్లీషు, ఇండియా పెట్టు. అది తెలుగులో మాట్లాడదు, కానీ తెలుగు పాటలు వేస్తుంది. అమ్మకి నేర్పాల్సింది ఇంతే: "అలెక్సా, ప్లే తెలుగు డివోషనల్ సాంగ్స్". ఆపాలంటే "అలెక్సా, స్టాప్". సౌండు "అలెక్సా, వాల్యూమ్ ఫోర్", 10 దాకా ఉంది. దూరం నుంచి అరవక్కర్లేదు. పాట మోగుతుంటే మాత్రం "అలెక్సా" అని ఒక్క క్షణం ఆగి తర్వాత అడగమను.

ఇంకొకటి. యాప్ సెట్టింగుల్లో Voice Purchasing అని ఉంటుంది, ఆఫ్ చెయ్యి. ఎదురింటి పిల్లలు వచ్చి నోటికొచ్చింది ఆర్డరు పెడితే డబ్బు నీ అకౌంటులోంచే పోతుంది. మైకు గీటు కొట్టిన బొమ్మ ఉన్న బటన్ నొక్కితే లైటు ఎర్రగా మారి అది వినడం ఆపేస్తుంది. మీరు ఇంటి విషయాలు మాట్లాడుకునేటప్పుడు నొక్కుకోండి. మళ్ళీ నొక్కితే మామూలే.

ఇప్పుడు నీ పద్యాలు. స్పీకరు దగ్గర నిలబడి "అలెక్సా, పెయిర్" అను. ఫోను సెట్టింగుల్లో బ్లూటూత్ తెరిచి, Echo Dot అని పేరు కనిపించాక నొక్కు. కనెక్ట్ అయిందని అదే చెప్తుంది. ఇంక ఫైల్స్‌లోంచి ఏ రికార్డింగు వేసినా స్పీకర్లోనే మోగుతుంది. తర్వాతి రోజు మళ్ళీ పెయిర్ అనక్కర్లేదు. "అలెక్సా, కనెక్ట్ టు మై ఫోన్" చాలు, లేదంటే ఫోనులోనే పేరు నొక్కు. ఫోను జేబులో పెట్టుకొని మేడ మీదికి పోతే పద్యం మధ్యలో తెగుతుంది. బ్లూటూత్ 10 మీటర్ల దాకానే, గోడలుంటే అదీ తక్కువే. ఫోను వస్తే పాట ఆగుతుంది, మాట మాత్రం ఫోనులోనే, స్పీకరుతో మాట్లాడొద్దు.

అయ్యాక "అలెక్సా, డిస్‌కనెక్ట్" అను. అనకపోతే నువ్వు వాట్సాప్‌లో చూసే ప్రతి వీడియో అమ్మ నెత్తిన మోగుతుంది. రాజకీయ వీడియోలు మరీ.

కరెంటు పోయి వచ్చాక బాక్సు తేరుకోడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, స్పీకరు దాని కోసం ఎదురు చూస్తుంది. అప్పుడు అమ్మ అడిగితే ఇంటర్నెట్టు లేదని విసుక్కున్నట్టు చెప్తుంది. ప్లగ్గు పీకొద్దు, ఆగండి. పాస్‌వర్డు ఎప్పుడైనా మారితే యాప్‌లో మన స్పీకరు తెరిచి, సెట్టింగుల్లో Wi-Fi Network దగ్గర Change నొక్కితే చాలు, మొదటినుంచీ చెయ్యక్కర్లేదు.

రాత్రి ఎనిమిది దాటాక మొదలుపెట్టు, ఆఫీసు అయిపోయి ఉంటుంది, ఫోను తీస్తాను. నారింజ లైటు రాకపోతే మాత్రం ముందు వీడియో కాల్ చేసి లైటు చూపించు, రంగు నువ్వు చెప్తే నేను నమ్మను. పోయినసారి మోటరు స్టార్టరు లైటు పచ్చది అన్నావు, తీరా అది ఎర్రది.

నీ కూతురు