కబడ్డీ లీగ్ ఫిక్చర్ – బాలురు (9, 10 తరగతులు), 2026 నవంబరు 12, 13, 14

స్థలం: పాఠశాల మైదానం, విజయవాడ
ఎవరికి: హౌస్ ఇన్‌చార్జి ఉపాధ్యాయులు, ఏడుగురు కెప్టెన్లు, రిఫరీలు, స్కోరర్లు

జట్లు ఏడు: కృష్ణ, గోదావరి, పెన్నా, తుంగభద్ర, వంశధార, నాగావళి, మున్నేరు. ప్రతి జట్టూ మిగతా ఆరింటితో ఒక్కోసారి ఆడుతుంది. మొత్తం 21 మ్యాచ్‌లు. సెమీస్, ఫైనల్ లేవు. శనివారం సాయంత్రం పాయింట్ల పట్టికలో పైనున్న జట్టే విజేత.

కోర్టులు

1వ కోర్టు మట్టిది, మూడు రోజులూ మనదే. 2వ కోర్టును వాలీబాల్ కోర్టు లోపల గీస్తున్నాం. ఉదయం 8 నుంచి అక్కడ అమ్మాయిల త్రోబాల్ ఉంది. సాయంత్రం 4:10 దాటాక వేపచెట్ల నీడ పడి గీతలు సరిగా కనపడవు. అందుకే 2వ కోర్టులో రోజుకు రెండే మ్యాచ్‌లు: ఉదయం 7:00కి ఒకటి, మధ్యాహ్నం 3:20కి ఒకటి. ఏ జట్టుకూ అక్కడ రెండుకు మించి మ్యాచ్‌లు పడలేదు.

రెండు కోర్టులూ లాబీలతో కలిపి 11 × 8 మీటర్లు. గీతలకు ముగ్గుపిండి మాత్రమే వాడాలి, సున్నం వద్దు. మోకాలు చెక్కుకుపోయిన చోట సున్నం తగిలితే భగ్గున మండుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. 1వ కోర్టును ఉదయం 6:15కి తడిపితే ఏడింటికల్లా పదునుకొస్తుంది. 6:45కి తడిపితే బురదే.

గురువారం, నవంబరు 12

| సమయం | 1వ కోర్టు | 2వ కోర్టు |
|---|---|---|
| ఉ. 7:00 | మ్యాచ్ 1: కృష్ణ – గోదావరి | మ్యాచ్ 2: పెన్నా – తుంగభద్ర |
| ఉ. 8:00 | మ్యాచ్ 3: వంశధార – నాగావళి | త్రోబాల్ |
| ఉ. 9:00 | మ్యాచ్ 4: మున్నేరు – కృష్ణ | త్రోబాల్ |
| మ. 3:20 | మ్యాచ్ 5: గోదావరి – పెన్నా | మ్యాచ్ 6: తుంగభద్ర – వంశధార |
| సా. 4:20 | మ్యాచ్ 7: నాగావళి – మున్నేరు | ఖాళీ |

సాయంత్రం విశ్రాంతి: కృష్ణ

శుక్రవారం, నవంబరు 13

| సమయం | 1వ కోర్టు | 2వ కోర్టు |
|---|---|---|
| ఉ. 7:00 | మ్యాచ్ 8: తుంగభద్ర – నాగావళి | మ్యాచ్ 9: వంశధార – మున్నేరు |
| ఉ. 8:00 | మ్యాచ్ 10: కృష్ణ – పెన్నా | త్రోబాల్ |
| ఉ. 9:00 | మ్యాచ్ 11: గోదావరి – తుంగభద్ర | త్రోబాల్ |
| మ. 3:20 | మ్యాచ్ 12: మున్నేరు – గోదావరి | మ్యాచ్ 13: నాగావళి – కృష్ణ |
| సా. 4:20 | మ్యాచ్ 14: పెన్నా – వంశధార | ఖాళీ |

సాయంత్రం విశ్రాంతి: తుంగభద్ర

శనివారం, నవంబరు 14

| సమయం | 1వ కోర్టు | 2వ కోర్టు |
|---|---|---|
| ఉ. 7:00 | మ్యాచ్ 15: వంశధార – కృష్ణ | మ్యాచ్ 16: నాగావళి – గోదావరి |
| ఉ. 8:00 | మ్యాచ్ 17: తుంగభద్ర – మున్నేరు | త్రోబాల్ |
| ఉ. 9:00 | మ్యాచ్ 18: పెన్నా – నాగావళి | త్రోబాల్ |
| మ. 3:20 | మ్యాచ్ 19: గోదావరి – వంశధార | మ్యాచ్ 20: మున్నేరు – పెన్నా |
| సా. 4:20 | మ్యాచ్ 21: కృష్ణ – తుంగభద్ర | ఖాళీ |

సాయంత్రం విశ్రాంతి: నాగావళి. బహుమతులు 5:20కి.

విశ్రాంతి లెక్క

ప్రతి జట్టుకూ రోజుకు సరిగ్గా రెండు మ్యాచ్‌లు. ఉదయం నాలుగు మ్యాచ్‌లంటే ఎనిమిది జట్లు కావాలి, మనకున్నవి ఏడే. కాబట్టి రోజూ ఒక జట్టు ఉదయమే రెండుసార్లు ఆడక తప్పదు: గురువారం కృష్ణ, శుక్రవారం తుంగభద్ర, శనివారం నాగావళి. ఆ జట్టు ఏడింటికి ఒకటి, తొమ్మిదింటికి ఒకటి ఆడుతుంది, మధ్యలో 70 నిమిషాలు ఆగుతుంది. బదులుగా సాయంత్రమంతా ఖాళీ. మిగతా జట్లకు ఉదయం మ్యాచ్‌కూ సాయంత్రం మ్యాచ్‌కూ మధ్య అయిదున్నర గంటలకు తగ్గదు. మధ్యాహ్న భోజనం అరగడానికి ఆ వ్యవధి కావాలి కూడా.

70 నిమిషాలను కాగితం మీది సమయం నుంచి కాక, మ్యాచ్ ముగిసినట్టు రిఫరీ ఊదిన ఆఖరి విజిల్ నుంచి లెక్కపెట్టాలి. మ్యాచ్ 1 ఆలస్యమై 8:05కి ముగిస్తే మ్యాచ్ 4 మొదలయ్యేది 9:15కి. స్కోరర్ ముగింపు సమయాన్ని షీటు మీద రాయడం మరిచిపోతే ఈ లెక్క తేలదు, గొడవ అక్కడే మొదలవుతుంది.

మ్యాచ్‌లు మార్చుకుంటామని అడగొద్దు. పైకి చిన్న మార్పులాగే కనిపిస్తుంది. ఉదాహరణకు 17, 18 మ్యాచ్‌లను అటూ ఇటూ చేస్తే, నాగావళి ఏడింటికి మొదలెట్టి 7:50కి ముగించి, పది నిమిషాల్లో మళ్లీ కోర్టులో దిగాలి. 3, 4 మార్చినా కృష్ణకు అదే గతి. తప్పనిసరైతే 1వ కోర్టు, 2వ కోర్టు మధ్య ఒకే సమయం మ్యాచ్‌లు మార్చవచ్చు, అదీ ఇద్దరు రిఫరీలూ ఒప్పుకుంటేనే.

ఆట సమయం

15 నిమిషాల సగాలు రెండు, మధ్యలో 5 నిమిషాలు: 35. ఒక్కో జట్టుకు సగానికి రెండు టైమౌట్లు, ఒక్కోటి 30 సెకన్లు. అందరూ అన్నీ వాడుకుంటే 4 నిమిషాలు. టాస్, గాయాల ఆగుడు కలిపి 50 నిమిషాల్లో ముగియాలి. తర్వాతి 10 నిమిషాలు గీతలు సరిచేయడానికి, నీళ్లు చల్లడానికి.

జట్టుకు 12 మంది, కోర్టులో 7, బయట 5. జాబితా 11వ తేదీ సాయంత్రం 4 గంటలకల్లా ఇవ్వాలి, తర్వాత పేర్లు మారవు. ఖో-ఖోలో కూడా ఉన్న పిల్లల పేర్ల పక్కన చుక్క పెట్టండి.

అజిత్ సింగ్ నగర్ వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలున్నారు కాబట్టి ఏడింటి మ్యాచ్‌లకు 10 నిమిషాల గడువు ఇస్తున్నాం. మిగతా వాటికి 5. గడువు దాటాక కోర్టులో అయిదుగురైనా లేకపోతే వాకోవర్.

పాయింట్లు

గెలుపుకు 2, సమానమైతే 1, ఓటమికి 0. రెండు జట్లు సమంగా ఉంటే వాటి మధ్య మ్యాచ్‌లో గెలిచినది పైన. మూడో అంతకు మించో సమమైతే, ఆ జట్ల మధ్య మ్యాచ్‌ల్లో సాధించిన, ఇచ్చిన పాయింట్ల తేడా. అప్పటికీ తేలకపోతే అన్ని మ్యాచ్‌ల తేడా, చివరికి చీటీ.

వాకోవర్‌కు ఎదుటి జట్టుకు 2 పాయింట్లు ఇస్తాం కానీ తేడాలో ఏమీ కలపం. లేదంటే ఆడకుండానే పెద్ద తేడా వచ్చి, కష్టపడి గెలిచినవాళ్లు వెనకబడతారు. ఒక జట్టు మూడు మ్యాచ్‌లైనా ఆడకముందే తప్పుకుంటే దాని ఫలితాలన్నీ కొట్టేస్తాం. మూడు ఆడాక తప్పుకుంటే మిగిలినవి వాకోవర్లు.

వాన పడితే

నవంబరు కాబట్టి తుపాను వాన రావచ్చు. 20 నిమిషాల లోపు ఆగితే అదే స్కోరుతో కొనసాగుతుంది. అంతకు మించితే ఆ మ్యాచ్ మొదటి నుంచి ఆదివారం, 15న, ఉదయం 7 నుంచి మ్యాచ్ సంఖ్యల వరసలో. ఆ రోజు త్రోబాల్ లేదు, రెండు కోర్టులూ దొరుకుతాయి, కానీ 70 నిమిషాల నియమం అప్పుడూ తప్పదు. తడి కోర్టులో ఇసుక చల్లి ఆడించొద్దు. పైకి ఆరినట్టుంటుంది, రెయిడర్ మలుపు తిరిగేటప్పుడు పాదం జారి మోకాలు మెలిపడుతుంది.

డ్యూటీలు

సాయంత్రం విశ్రాంతి ఉన్న జట్టు నుంచి ఇద్దరు 3:20 నుంచి అసిస్టెంట్ స్కోరర్లుగా ఉండాలి: ఎవరు అవుట్, ఏ వరసలో తిరిగి లోపలికి వస్తారన్నది వాళ్ల పని. లోనా పడ్డప్పుడు అదనపు 2 పాయింట్లు షీటులో వేరే వరసలో రాయాలి, మామూలు పాయింట్లలో కలిపేయకూడదు. ప్రతి కోర్టు దగ్గర రెండు బిందెల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు 10, ఐసు, దూది, కట్టు. సమయం కోసం ఒక స్టాప్‌వాచ్, దానికి తోడుగా ఒక ఫోను. రెయిడ్ 30 సెకన్లకు వేరే వాచ్ ఉండాలి.