గొలుసుకట్టు చెరువుల చర్చకు ముందు నా మాట

అందరికీ నమస్కారం. నా పేరు అధ్యక్షులు ఇప్పుడే చెప్పారు. నేను నర్సంపేట దగ్గర పాకాల ఆయకట్టు కింద వరి పండించే రైతును, మా తాత, ఊరి చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి. చర్చకు ముందు నాలుగు మాటలు చెబుతాను.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయడం మంచి పని, ఆ మట్టి మా పొలానికీ తోలుకున్నాం. కానీ పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరే కాలువ ప్లాట్లుగా మారితే కాకతీయుల నాటి గొలుసు తెగినట్టే. తాత తూము దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చివరి మడి తడిసిందని కేక వినిపించాకే తూము మూసేవాడు. అందుకే కాలువల హద్దులు కొలిచి రాళ్లు పాతాలనీ, ప్రతి చెరువుకూ జీతమిచ్చి నీరటిని పెట్టాలనీ గట్టిగా కోరుతున్నాను.