ప్రాజెక్టులో చోటు కోసం లేఖ

గౌరవనీయులైన మేడమ్‌కి,

నమస్కారం. నేను మన విభాగంలోనే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. వరి ఎండాకు తెగులును తట్టుకునే జన్యువుల మీద మీ ల్యాబ్‌లో జరుగుతున్న పనిలో, జనవరి నుంచి ఆరు నెలల ప్రాజెక్టుకి నన్ను తీసుకుంటారేమో అడుగుదామని రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్న సాంబ మసూరి వేస్తారు. అంచుల నుంచి పసుపుగా ఎండుతూ వచ్చే ఆకులు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఎక్స్‌ఎ21తో సహా మూడు నిరోధక జన్యువులను మార్కర్ల సాయంతో అదే రకంలోకి తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదల చేశారని క్లాసులో విన్నాక మనసు ఇటే లాగుతోంది.

లేత ఆకుల నుంచి సీటాబ్ పద్ధతిలో డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ పెట్టడం, అగరోజ్ జెల్ పోసి బ్యాండ్లు చదవడం వచ్చు. ప్రాక్టికల్స్‌లో నేను తీసిన డీఎన్‌ఏకి 260/280 నిష్పత్తి 1.8 దగ్గర వచ్చింది. క్లోనింగ్ మాత్రం చదివిందే, చేత్తో చేయలేదు. మొదట్లో బఫర్లు కలపడం, నారుమడి చూసుకోవడం లాంటి పనులిచ్చినా సంతోషమే. హాస్టల్ పక్కనే కాబట్టి జెల్ పని రాత్రి దాకా సాగినా ఇబ్బంది లేదు.

మార్కుల జాబితా జతచేశాను. బుధవారం మధ్యాహ్నం మాకు క్లాసులుండవు. మీకు వీలైతే అప్పుడు వచ్చి కలుస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
శ్రావణి