కాకతీయుల కాలపు చెరువులు: ముఖాముఖి ఆధారంగా వ్యాఖ్యాసహిత నోట్స్

ఈ నోట్స్ నా సిద్ధాంత గ్రంథంలోని పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయం కోసం రాసుకున్నవి. ముఖాముఖి 2024 ఆగస్టు 17, శనివారం నాడు హైదరాబాద్‌లో, శాసనాలపై పనిచేసిన ఒక విశ్రాంత ఆచార్యురాలి ఇంట్లో జరిగింది. రికార్డింగు నిడివి 1 గంట 14 నిమిషాలు. ఫైలు పేరు `cheruvulu_int_01.wav`. తన పేరు వాడవద్దని, ఉటంకించే వాక్యాలు ముందుగా తనకు చూపాలని ఆమె కోరారు. ఉటంకింపు గుర్తుల మధ్య ఉన్నవి పూర్తిగా ఆమె మాటలే. వాడుక భాషను గ్రాంథికంగా దిద్దలేదు. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి నావి.

[00:06:20] “చెరువు తవ్వించడాన్ని మనం నీటిపారుదల పనిగా చూస్తాం. శాసనం వేయించినవాళ్లు ధర్మకార్యంగా చూశారు. రెండూ నిజమే. కానీ రాతిమీద మనకు దొరికేది రెండోదే, మొదటిది ఊహించుకోవాలి.”

అధ్యాయం ఆరంభంలో వాడదగిన మాట ఇది. అయితే దీన్ని ఒంటరిగా ఉటంకిస్తే, శాసనాల నుంచి నీటి నిర్వహణ గురించి ఏమీ తేలదని ఆమె అన్నట్టు అవుతుంది. ఆమె [00:06:48] దగ్గర వెంటనే ఇలా చేర్చారు: “ఊహ అంటే గాలిలోంచి కాదండీ. తూము ఎక్కడుంది, కట్ట ఎంత పొడవు, కింద ఆయకట్టు ఎంత, అవన్నీ చూసి.” ఈ రెండూ కలిపే వాడాలి.

[00:17:05] “బయ్యారం శాసనాన్ని వంశావళి కోసం చదివి పక్కన పెట్టేశారు. అది చెరువు శాసనం కదా! ఒక స్త్రీ తవ్వించిన చెరువు.”

ఇక్కడ ప్రస్తావన గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన ధర్మకీర్తి సముద్రం గురించి. కాకతీయుల వంశక్రమానికి ఈ శాసనం ముఖ్యాధారం కావడం వల్ల చెరువు సంగతి వెనకబడిందన్నది ఆమె వాదన. ఎవరి రచనల్లో అలా జరిగిందో ఆమె చెప్పలేదు కనుక, నేను స్వయంగా ఆ రచనలు పరిశీలించేదాకా దీన్ని ఆమె అభిప్రాయంగానే పేర్కొంటాను. చెరువులు కట్టించిన స్త్రీల గురించి సమీక్షలో విడిగా ఒక భాగం ఉండాలన్న ఆలోచన మాత్రం నాకు ఈ మాటతోనే బలపడింది.

[00:31:42] “చెరువును ఊరే చూసుకుంది, రాజు కాదు. దశబంధం అంటే అదే.”

దశబంధం అంటే చెరువు తవ్వినందుకో, బాగు చేసినందుకో దాని కింది భూమిలో ఇచ్చే వాటా. ఈ వాక్యం నా వాదనకు అచ్చంగా సరిపోతుంది. అందుకే దీని విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. దాదాపు అరగంట తరువాత, నేను అడగకుండానే, ఆమె దీన్ని సవరించారు.

[00:58:10] “ఇందాక ఊరే చూసుకుంది అన్నాను కదా, అది కొంచెం ఎక్కువ చెప్పాను. దశబంధం తీసుకున్నది ఊరు కాదు, ఒక మనిషి, లేకపోతే ఒక కుటుంబం. తవ్వినందుకో, బాగు చేసినందుకో. ఊరు అంటే అందరూ సమానం అనిపిస్తుంది. అలా కాదు.”

మొదటి వాక్యం సమీక్షలోకి రాదు. గ్రామ సమష్టి నిర్వహణ అనే భావనను చర్చించే చోట రెండవదాన్ని పూర్తిగా ఇవ్వాలి. చెరువుకు శ్రమ, ధనం పెట్టినవారికి దాని కింది భూమిలో వాటా దక్కడం ప్రతిఫలమే తప్ప ఊరుమ్మడి హక్కు కాదన్నది ఇందులోంచి నేను తీసుకుంటున్న అర్థం. ఈ చివరి మాట నాది, ఆమెది కాదు.

[00:33:27] “ఆ భూమిలో [వినిపించలేదు] వంతు ఆయనకు పోతుంది.”

వీధిలో మోటారు సైకిలు చప్పుడు వల్ల మాట మునిగిపోయింది. హెడ్‌ఫోన్లతో, వేగం తగ్గించి విన్నా “పదో” అన్నారో “పన్నెండో” అన్నారో తేలలేదు. దశబంధం కనుక పదో వంతే అయి ఉంటుందని పూరించడం తగదు, ఎందుకంటే ఆ వాటా అన్నిచోట్లా ఒకటే కాదని ఆమె [00:34:02] దగ్గర స్వయంగా అన్నారు.

[00:44:50] “పోరుమామిళ్ల శాసనం చూడండి. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమే అన్నాడు. అది ఇంజనీరు మాట కాదు, గొడవలు చూసినవాడి మాట.”

కడప ప్రాంతపు ఈ సంస్కృత శాసనం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగిందని అందులో ఉంది. కాకతీయ రాజ్యం 1323లోనే అంతరించింది కనుక దీన్ని వారి పద్ధతికి సాక్ష్యంగా చూపలేము. సంభాషణలో ఆమె కాలభేదం ప్రస్తావించలేదు, కానీ నా ప్రశ్న చెరువుల గురించి సాధారణంగా అడిగినది, లోపం ప్రశ్నదే. తరువాతి కాలంతో పోలికగా, తేదీ స్పష్టంగా ఇచ్చి వాడాలి. ఉప్పునేల, కట్ట నుంచి నీరు ఊరడం వంటి మిగిలిన దోషాలను ముద్రిత పాఠం నుంచి తీసుకోవాలి తప్ప రికార్డింగు నుంచి కాదు.

[01:02:00] నుంచి [01:09:30] వరకు మిషన్ కాకతీయ పూడికతీత గురించిన సంభాషణ సమీక్ష పరిధిలోకి రాదు; పూర్తి లిఖిత ప్రతిలో మాత్రం ఉంచాను.

ఆమెకు పంపవలసినవి: 00:06:20, 00:06:48, 00:17:05, 00:44:50, 00:58:10 దగ్గరి వాక్యాలు, 00:33:27 దగ్గరి శబ్దఖండం. 00:31:42 వాక్యాన్ని వాడటం లేదని, అందుకు కారణం ఆమె సవరణేనని ఉత్తరంలో తెలియజేయాలి.