దసరా రాక గురించి అత్తయ్యగారికి మార్చి రాసిన మెసేజ్

మొదట రాసింది: అత్తయ్యా, దసరాకి రావడం కుదరదు. నాన్నకి ఆపరేషన్. సిరిమానుకి చూద్దాం.

మార్చి పంపింది:

అత్తయ్యగారూ, మామయ్యగారూ, నమస్కారం. ఫోన్‌లో చెబితే గొంతు పట్టుకుపోతుందని రాస్తున్నాను. నాన్నకి శుక్రవారం కంటి శుక్లం ఆపరేషన్ ఖాయమైంది. రోజుకి నాలుగైదుసార్లు చుక్కలు వేయాలి, వంగనివ్వకూడదు. అమ్మ మోకాళ్ల సంగతి మీకు తెలిసిందే. తమ్ముడికి సెలవు దొరకలేదు. అందుకని దసరా రోజుకి విజయనగరం రాలేకపోతున్నాం. మాటిచ్చి మార్చినందుకు మన్నించండి.

మీరు నెల ముందే మంచాలు సర్దించారని, పాప కోసం పట్టు లంగా కుట్టించారని తెలుసు. అది తలచుకుంటే నాకే కష్టంగా ఉంది. పండగ పూట పాపకి ఆ లంగా కట్టి వీడియోకాల్ చేద్దామనుకున్నాను, కానీ వద్దు. మీ చేతులతో మీరే కట్టాలి.

ఆదివారం ఉదయానికి తమ్ముడు వచ్చేస్తాడు. మధ్యాహ్నం ఆమదాలవలసలో రైలెక్కి సాయంత్రానికి మీ దగ్గరుంటాం. సోమవారం తొలేళ్లకి ఇంట్లో పనంతా నాకు వదిలేయండి అత్తయ్యా, ఘటాలకి కావలసినవి చెబితే దారిలో తెస్తాను. మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను అందరం కలిసే చూద్దాం. మూడు లాంతర్ల దగ్గర రద్దీలో మామయ్యగారిని నిలబెట్టకుండా, ఆయన ఎక్కడ కూర్చుంటే వీలో మీ అబ్బాయి ముందే చూసుకుంటారట. బుధ, గురువారాలు కూడా ఉంటాం, సెలవు పెట్టేశారు.

మీకు ఈ మార్పు ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పండి. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తాను.

మీ కోడలు