‘గాలిని చూసినదెవరు?’: ఏడో తరగతి ద్విభాషా పాఠానికి అనువాదం, ప్రాసను గురించిన వివరణ

అనంతపురం

గౌరవనీయులైన ఇంగ్లీషు మేడమ్ గారికి నమస్కారాలు.

ఏడో తరగతి పిల్లలకు మనమిద్దరం కలిసి చెప్పబోయే పాఠం కోసం క్రిస్టినా రోసెట్టి రాసిన గాలి కవితకు తెలుగు పాఠాన్ని ఈ లేఖతో పంపుతున్నాను. ఇంగ్లీషులో ఉన్న ప్రాసను తెలుగులోనూ నిలపాలని మీరు స్టాఫ్ రూములో అన్న మాటను నేను తేలికగా తీసుకోలేదు. మూడు సార్లు రాసి, రెండింటిని కొట్టివేసిన తరువాత, మీరు కోరిన విధంగా కాకుండా మరొక విధంగా దానిని నిలపాలని నిర్ణయించుకున్నాను. మీ అంగీకారం లేకుండా పేజీ అచ్చుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు కనుక కారణాలను వివరంగా రాస్తున్నాను. ముందుగా అనువాదం:

గాలిని చూసినదెవరు?
నేనూ కాదు, నీవూ కాదు.
ఆకులు వేలాడి వణికే వేళ
తాకుతూ గాలి సాగుతోంది.

గాలిని చూసినదెవరు?
నీవూ కాదు, నేనూ కాదు.
తలలను చెట్లు వంచే వేళ
అలా పక్కగా గాలి సాగుతోంది.

ఈ కవిత 1872లో వెలువడిన ‘సింగ్-సాంగ్’ అనే పిల్లల గేయాల సంపుటిలోనిది. ఎనిమిది పాదాలలో ప్రాస కలిసేది రెండు చోట్లే అన్న సంగతి మీకు తెలిసినదే. మొదటి చరణంలో రెండవ, నాలుగవ పాదాలు ‘యూ’, ‘త్రూ’ అనే శబ్దాలతో ముగుస్తాయి. రెండవ చరణంలో అవే పాదాలు ‘ఐ’, ‘బై’ అనే శబ్దాలతో ముగుస్తాయి. మిగిలిన పాదాలకు చివర ఏ బంధమూ లేదు. ‘నేను, నీవు’ అన్న క్రమం రెండవ చరణంలో ‘నీవు, నేను’గా తిరగబడడానికి కూడా ఆ ప్రాసే కారణం. గాలి ఆకుల నడుమ నుంచి పోయినప్పుడు చివర ‘నీవు’ కావాలి, పక్క నుంచి పోయినప్పుడు చివర ‘నేను’ కావాలి. ఇంత చిన్న కవితలో ప్రాస చేసిన అసలు పని ఆ తిరగబడడమేనని నాకు అనిపించింది. అందుకే తెలుగులో ప్రాస అవసరం లేకపోయినా ఆ క్రమాన్ని నేను మార్చలేదు.

మొదటిసారి మీరు చెప్పినట్లే అంత్యప్రాసతో రాశాను. అది ఇలా వచ్చింది:

గాలిని ఎవరూ చూడలేదు,
నేనూ నీవూ చూడలేదు,
ఆకులు ఊరక ఆడలేదు,
గాలి పోవడం మానలేదు.

నాలుగు పాదాలూ చక్కగా ‘లేదు’తో ముగిశాయి. రాయడానికి పట్టిన సమయం పది నిమిషాలు కూడా లేదు, నాకు అనుమానం మొదలైనది అక్కడే. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక, ఒకే కాలంలో ఒకే కర్తను గురించి నాలుగు వాక్యాలు చెబితే అవి తమంతట తామే ఒకే ధ్వనితో ముగుస్తాయి. ‘వచ్చింది, తిన్నది, పడుకున్నది’ అని ఇంటి పిల్లి గురించి చెప్పినా అంత్యప్రాస దొరుకుతుంది. ఇంగ్లీషు కవి ‘త్రూ’కు జతగా ‘యూ’ను వెతికి తెచ్చుకోవాలి, దానికోసం వాక్యాన్ని సర్దుకోవాలి, ఆ వెతుకులాటలోనే వినేవారికి ఆనందం ఉంది. మనకు వెతకకుండానే దొరికేదానిలో ఆ ఆనందం ఉండదు. పైగా ఆ నాలుగు ‘లేదు’ల కోసం నేను కవితను చెడగొట్టాను. మొదటి పాదంలోని ప్రశ్న మాయమైంది. చివరి పాదం వినిపించినప్పుడు రెండవ బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, ‘గాలి పోవడం మానడమేంది సార్, దాన్ని మానుకోమని ఎవరు చెప్పినారు?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ కాగితాన్ని అప్పుడే మడిచి జేబులో పెట్టుకున్నాను.

‘చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా’ అన్న పాటను గుర్తుచేసి, మన పిల్లల పాటల్లో అంత్యప్రాస లేదా అని మీరు అడిగారు. ఉంది, అందులో సందేహం లేదు. అయితే ‘వెళ్లావా, తెచ్చావా, పెట్టావా’ అన్నవి అక్కడ వరుస ప్రశ్నలు; చిలకను నిలదీస్తున్న గొంతులో నుంచి ఆ ధ్వని పుట్టింది. అదీకాక ఆ పాట మొదటి రెండు పాదాలను మరొకసారి విని చూడండి. ‘చిట్టి’లోనూ ‘కొట్టిందా’లోనూ రెండవ అక్షరం ఒకటే. నోటికి రుచి తగిలేది సగం ఆ ‘ట్టి’ దగ్గరే.

తెలుగు చెవి తరతరాలుగా ప్రాసను ఎక్కువగా వెతికినది పాదం మొదట్లోనే. ఉత్పలమాల, చంపకమాల, కందం వంటి వాటిలో ప్రతి పాదానికీ రెండవ అక్షరం ఒకే హల్లు కావాలన్న నియమాన్ని పిల్లలు పై తరగతుల్లో నేర్చుకుంటారు. ఇప్పుడు వారికి కంఠస్థంగా వచ్చినవి వేమన పద్యాలు. ఆటవెలదికి ఆ నియమం లేదు, పాదాల చివర ప్రాసా అక్కరలేదు, అయినా ఆ పద్యాలు నాలుక మీద నిలుస్తున్నాయి. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్న పాదంలో ‘చూడ’కూ ‘జాడ’కూ కలిసిన ‘డ’ను చూడండి. యతి స్థానంలో రెండవ అక్షరాన్ని కలిపే ఆ పద్ధతిని ప్రాసయతి అంటారు. పేరు తెలియని పిల్లవాడు కూడా ఆ పద్యాన్ని చదివేటప్పుడు ‘జాడ’ దగ్గర గొంతును కాస్త నొక్కుతాడు. కటారుపల్లిలో వేమన సమాధి ఉన్న ఈ సీమలో ఈ సంగతిని ప్రత్యేకంగా బోధించవలసిన అవసరం కూడా ఉండదనుకుంటాను. (కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన తన అనువాదంలో వేమనను ఇంగ్లీషు వచనంలోకే తెచ్చారు. అర్థం దాటింది, ‘చూడ’, ‘జాడ’ మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. మనం ఎదురు దిక్కున అదే ఏరు దాటుతున్నాం.)

అందువలన ప్రాసను పాదాల చివరి నుంచి మొదటికి తెచ్చాను. మొదటి చరణంలో ‘ఆకులు’కు ‘తాకుతూ’ జత. రెండింటిలోనూ ముందు దీర్ఘం, తరువాత ‘కు’. రెండవ చరణంలో ‘తలలను’కు ‘అలా’ జత. రెండింటిలోనూ ముందు హ్రస్వం, తరువాత ‘ల’కారం. ‘అలా’ దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచలేను, ఎందుకంటే ఒకరు పట్టించుకోకుండా మన పక్క నుంచి వెళ్లిపోవడాన్ని చెప్పడానికి తెలుగులో అంతకంటే దగ్గరి మాట లేదు. రెండవ పాదం విషయంలో నేను చేసినది ఏమీ లేదు. ‘నేనూ’, ‘నీవూ’ అన్న మాటల్లో హల్లు ఒకటే, ఏత్వానికీ ఈత్వానికీ యతిమైత్రి ఉంది. ‘నువ్వు’ అని రాసి ఉంటే ఉత్వం అడ్డుపడి ఆ మైత్రి తప్పేది. పిల్లలు మాట్లాడేటప్పుడు ‘నువ్వు’ అంటారని తెలిసినా ‘నీవు’ను ఎంచుకున్నది ఇందుకే.

నాకు తృప్తి ఇవ్వనివీ ఉన్నాయి. మూలంలో ఆకుల నడుమ నుంచి గాలి దూరిపోతుంది. నా ‘తాకుతూ’లో గాలి ఆకుల పైపైనే ఉండిపోయింది. మూడవ పాదం మొదట ఉండవలసిన ‘కానీ’ ప్రాస కోసం పోయింది, ఆ పనిని రెండవ పాదం చివర ఆగే విరామానికి అప్పగించాను. ‘వేళ’ కొంత పుస్తకాల మాట. ‘తల వంచడం’ అన్నప్పుడు మన పిల్లలకు వినయం కంటే ముందు సిగ్గుపడడమో ఓడిపోవడమో తోచవచ్చు. ‘తలలు వాల్చే’ అని మార్చి చూశాను గాని చెట్లు నిద్రకు పడ్డట్లు అనిపించింది. చెట్లు గాలికి దండం పెడుతున్నట్లు మీరు ఇంగ్లీషు పేజీ దగ్గర చేతులతో చూపితే ఈ చిక్కు తీరుతుంది.

రామగిరి వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, తమ ఊరి గుట్టల మీద గాలిమర తిరుగుతుంటే గాలి ఉన్నట్లు, ఆగితే లేనట్లు అని చెప్పాడు. చెట్ల బదులు గాలిమరలను పెడదామా అని ఒక రాత్రంతా ఊగిసలాడాను. పెట్టలేదు. ఎడమ పేజీలో చెట్టు ఉండగా కుడి పేజీలో గాలిమర కనిపిస్తే, రెండు పేజీలనూ వేలు పెట్టి పోల్చుకునే పిల్లవాడు ఒక భాషను నమ్మడం మానేస్తాడు. ఆ అబ్బాయి మాటను పాఠం చివరి చర్చకు దాచి ఉంచాను. వణికే ఆకుకు మాత్రం మన తరగతి కిటికీ ఎదుట ఉన్న రావిచెట్టు చాలు. పొడవాటి కాడ కారణంగా ఏ కొద్దిపాటి గాలికైనా ఆ ఆకు నిలకడగా ఉండదు.

ఇంగ్లీషు ప్రాస మీద మీకు ఉన్న అసలు పట్టింపు ఉచ్చారణ కోసమని నాకు తెలుసు. ‘త్రూ’ అన్న మాట చివర ఉన్న జీ, హెచ్ అక్షరాలను చూసి పిల్లలు ‘త్రౌగ్’ అని చదువుతున్నారని, ‘యూ’తో ప్రాస కలుస్తుందని చెబితే నోరు సరిచేసుకుంటారని మీరు అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఆ పని చేయగలిగినది ఎడమ పేజీ ఒక్కటే. తెలుగు పేజీలో ‘లేదు, లేదు’ అని ఎన్నిసార్లు కలిపినా ‘త్రూ’ ఉచ్చారణకు సాయం రాదు. కనుక మొదటి పీరియడులో మీరు పాదాల చివర చప్పట్లు కొట్టించండి, రెండవ పీరియడులో నేను పాదాల మొదట కొట్టిస్తాను. చప్పట్లు చోటు ఎందుకు మారాయని పిల్లలే అడుగుతారు. అడగకపోతే మూడవ రోజు మనం అడుగుదాం.

ఒక మనవి. ‘అలా పక్కగా గాలి సాగుతోంది’ అన్న పాదం మిగిలిన వాటి కంటే కొంచెం పొడవైంది. ‘పక్కగా’ను తీసివేస్తే నడక కుదురుతుంది, మూలంలోని ‘బై’ సగం పోతుంది. నేను ఉంచడానికే మొగ్గుతున్నాను. మీరు గట్టిగా ఒకసారి చదివి, తీసేయాలనిపిస్తే పెన్సిలుతో సున్న చుట్టి పంపండి. బుధవారం మధ్యాహ్నం లోగా చేరితే డీటీపీకి ఇచ్చేస్తాను.

ఇట్లు
మీ తెలుగు ఉపాధ్యాయుడు