కేపీహెచ్‌బీ పైలట్ రిలీజ్: మీటింగ్ రూమ్ గోడ మీది స్టోరీ మ్యాప్, రాతలో

టీమ్ అందరికీ,

మంగళవారం మూడు గంటలు కూర్చుని గోడ మీద అంటించిన కాగితాలు ఏసీ గాలికి ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఫొటోలు తీశాను కానీ అందులో నా చేతిరాత నాకే అర్థం కావడం లేదు. అందుకని మ్యాప్ మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇంటికొచ్చి రక్తం శాంపిల్ తీసుకెళ్లే మన యాప్‌కి జూన్ 16 పైలట్‌లో ఇక ఇదే లెక్క. జిరాలో వరస దీనికి తేడాగా ఉంటే జిరానే మార్చండి.

మంగళవారం పొద్దున దాకా మన దగ్గర 63 స్టోరీలు, పై నుంచి కిందికి ప్రయారిటీ ప్రకారం చక్కగా పేర్చి ఉన్నాయి. అందులో సగం పైగా అయిపోయాయి కూడా. ఆ జాబితా చూసి రిలీజ్‌కి ఢోకా లేదని నేనే పై వాళ్లకు చెప్పాను. అవే 63 కార్డుల్ని ఒక మనిషి ఒక రోజు ప్రకారం ఎడమ నుంచి కుడికి పరిస్తే ఏమైందో మీరూ చూశారు.

ఆ మనిషి సుబ్బలక్ష్మి గారు. మనం కల్పించుకున్న పేరే, కానీ అలాంటివాళ్లు ఆ కాలనీలో వీధికి పదిమంది ఉంటారు. వయసు 64, షుగర్. ఆరో ఫేజ్‌లో ఎల్‌ఐజీ ఇల్లు. యాప్‌లో బుక్ చేసేది ఆవిడ కాదు, గచ్చిబౌలిలో పనిచేసే కొడుకు. చేయించాల్సింది ఫాస్టింగ్ షుగర్, తిన్నాక షుగర్, కొలెస్ట్రాల్.

పై వరసలో అడుగులు, ఒక్కో అడుగు కింద పాత జాబితాలోంచి వచ్చి పడిన కార్డులు ఇలా ఉన్నాయి: టెస్ట్ ఎంచుకోవడం 11, స్లాట్ 8, చిరునామా 6, డబ్బు కట్టడం 14, ముందు రోజు రాత్రి 0, మనిషి ఇంటికి రావడం 5, శాంపిల్ తీయడం 4, ల్యాబ్‌కి చేరడం 6, రిపోర్ట్ రావడం 9, డాక్టర్‌కి చూపించడం 0.

డబ్బు దగ్గర పద్నాలుగు! కూపన్, రిఫరల్, వాలెట్, వాలెట్‌లోంచి కూపన్‌కి... ఆ వరస కింద నేల దాకా వచ్చింది. పక్కనే రాత్రి వరస గోడ రంగుతో అలాగే ఉంది. ఖాళీ పొట్టతో ఉండాలన్న మాట బుకింగ్ పేజీలో చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. చదివేది కొడుకు. పొద్దున లేవగానే కాఫీ తాగేది తల్లి.

సున్నాలు సరే, ఎవరికైనా కనిపిస్తాయి. అసలు చిక్కు నాలుగు కార్డులున్న వరసలో దొరికింది. శాంపిల్ తీసే అన్నను ఒకరిని పిలిపించాం కదా, ఆయన కాసేపు గోడ చూసి, 'మరి పీపీకి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి సార్?' అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

తెలియనివాళ్ల కోసం: పీపీ అంటే తిన్నాక షుగర్, టిఫిన్ మొదలుపెట్టిన రెండు గంటలకు తీసే రక్తం. 7:10కి ఫాస్టింగ్ శాంపిల్ ఇచ్చి, ఎనిమిదింటికి ఇడ్లీ తింటే, పదింటికి మళ్లీ మనిషి రావాలి. మన యాప్‌లో ఒక బుకింగ్ అంటే ఒకే విజిట్. రెండు టెస్టులూ ఒకే ఆర్డర్‌లో అమ్ముతున్నాం, డబ్బులూ రెండింటికీ తీసుకుంటున్నాం, వెళ్లేది మాత్రం ఒక్కసారి. జాబితాలో ఇది ఎందుకు కనబడలేదంటే, 'పీపీబీఎస్ టెస్ట్ చేర్చాలి' అన్న స్టోరీ టెస్ట్ ఎంచుకోవడం కింద ఉంది, అయిపోయింది, ఆకుపచ్చ టిక్ కూడా పడింది. అది లేదని కాదు, రోజులో దాని తర్వాతి ముక్క లేదు.

ఇప్పుడెలా నడుపుతున్నారని అడిగితే ఆయన చెప్పింది: 'తినడం మొదలుపెట్టగానే ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వండమ్మా అంటాం. గంటా నలభై ఐదు నిమిషాలకు బయల్దేరతాం.' మేం నోటిఫికేషన్లు, క్యాలెండర్లు అని అరగంట వాదించుకున్నాక చివరికి ఆ మిస్‌డ్ కాలే కార్డు అయింది.

ఆయన చూపించినది ఇంకోటి ఉంది. షుగర్‌కి రెండుసార్లూ బూడిద రంగు మూత ట్యూబే. మన బార్‌కోడ్ ఆర్డర్‌కి, ట్యూబ్ రకానికి కలిపి ఒకటి. అంటే పొద్దునది, పదింటిది రెండూ ఒకే నంబర్‌తో ల్యాబ్‌కి వెళ్తాయి. ఫాస్టింగ్ విలువ పీపీ గడిలో పడితే ఆ రిపోర్ట్ చూసి డాక్టర్ మందు మారుస్తారు. ఇది బగ్ కాదని నాతో ఎవరూ అనొద్దు.

గోడ మీద ఎర్ర దారం కట్టాం. దారానికి పైన ఉన్నదే పైలట్. పాత 63లో 34 పైన, 29 కింద. వాటికి తోడు పసుపు కాగితం మీద కొత్తవి ఏడు, కాబట్టి మొత్తం 41. కొత్తవి ఇవీ:

1. బుక్ చేసేటప్పుడే ఇంట్లో ఉండే మనిషి నంబర్ వేరుగా అడగాలి. (ఇప్పుడు ఫోన్లన్నీ మీటింగ్‌లో ఉన్న కొడుక్కి వెళ్తున్నాయి.)
2. ముందు రోజు రాత్రి 8కి ఆ నంబర్‌కి తెలుగులో వాయిస్ కాల్: ఎన్నింటి తర్వాత తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు.
3. గుమ్మం దగ్గర 'చివరిగా ఎప్పుడు తిన్నారు' అని అడిగి టైమ్ నమోదు చేయాలి.
4. పీపీ ఉంటే రెండో విజిట్ దానంతటదే పుట్టాలి, వీలైతే అదే మనిషికి.
5. మిస్‌డ్ కాల్ రాగానే రెండు గంటల లెక్క మొదలవ్వాలి.
6. ఫాస్టింగ్, పీపీ ట్యూబులకు వేరువేరు బార్‌కోడ్.
7. రిపోర్ట్ ఇద్దరి నంబర్లకూ వెళ్లాలి, ఒక్క పేజీలో ప్రింట్ అవ్వాలి. డాక్టర్ బల్ల మీద పెట్టేది ఆ కాగితమే.

దారం కిందికి పోయినవాటిలో డబ్బువి ఎనిమిది ఉన్నాయి. కూపన్లు చేసినవాళ్లకు కష్టంగా ఉంటుందని తెలుసు, ఆ పని బాగా చేశారు. అయితే పైలట్‌లో యూపీఐ, చేతికి నగదు చాలు. మ్యాప్‌లో లైవ్ ట్రాకింగ్ కూడా కిందికే. 'టెంపుల్ బస్‌స్టాప్ వెనక రెండో సందు' అని రాసే చోట బండి బొమ్మ కదిలితే ఏం లాభం, లాండ్‌మార్క్ గడి మాత్రం పైనే ఉంచాం.

నాలుగో కార్డు వల్ల స్లాట్ వరస కూడా కదులుతుంది. 6 నుంచి 9 దాకా ఒక్కొక్కరికి తొమ్మిది ఇళ్లు అనుకున్నాం. పదింటికి వెనక్కి రావాలంటే అది కుదరదు. మొదటి రెండు వారాలు ఆరు ఇళ్లతో మొదలుపెడదాం, లెక్క చూసుకుని పెంచుదాం. పై వాళ్లకు ఈ సంఖ్య నేనే చెప్తాను.

ఆరో కార్డు, మూడో కార్డు ఈ వారమే మొదలవ్వాలి. మిగతా వాటి ఎస్టిమేట్లు గురువారం 4 గంటలకు గోడ దగ్గరే నిలబడి వేద్దాం, ల్యాప్‌టాప్‌లు వద్దు. హౌస్‌కీపింగ్ వాళ్లకు గోడ తుడవొద్దని చెప్పాను, మీరూ కార్డులు పీకి సరదాగా అటూ ఇటూ పెట్టకండి.

ఒకటి తేలలేదు. గుమ్మం దగ్గర అడిగితే ఆవిడ 'పాలు పోసిన టీ తాగాను బాబూ' అన్నారనుకోండి. ఫాస్టింగ్ శాంపిల్ తీయాలా, మర్నాటికి మార్చాలా, మారిస్తే రెండో రాకకు డబ్బు ఎవరిది? ల్యాబ్ మేనేజర్ మేడమ్ బుధవారం సాయంత్రానికి చెప్తానన్నారు. అంతదాకా మూడో కార్డు మీద ప్రశ్న గుర్తు అలాగే ఉంటుంది.